క్రౌడ్‌ఫండింగ్ ప్రచారం బడ్జెట్: ఉదయగిరి చెక్క చెంచాల నమూనా లెక్క

ఒక పనికి కావలసిన సొమ్మును ఒకరిద్దరి దగ్గర కాకుండా వందలమంది దగ్గర చిన్న చిన్న మొత్తాలుగా, గడువు పెట్టి, సాధారణంగా ఆన్‌లైన్ వేదిక ద్వారా పోగుచేయడాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారు. ఇచ్చినవాళ్ళకు ఏమీ తిరిగి రాకపోతే అది విరాళం. వస్తువో సేవో అందితే దాన్ని కానుక పద్ధతి అంటారు. లాభంలో వాటా వస్తే అది పెట్టుబడి. ఈ వ్యాసం కానుక పద్ధతి గురించి. అందులో వచ్చిన డబ్బు ఎక్కడెక్కడికి పోతుంది, చేతికి ఎంత మిగులుతుంది, అనుకున్న మొత్తం రాకపోతే ఏమవుతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

తెలుగువాళ్ళకు ఈ మాట ఎక్కువగా సినిమాల ద్వారా పరిచయం. ఫణీంద్ర నర్సెట్టి తీసిన ‘మను’ 2018 సెప్టెంబరులో విడుదలైంది. ఆ సినిమాకు 115 మంది కలిసి దాదాపు కోటి రూపాయలు సమకూర్చారు. అంతకుముందు 2013లో కన్నడంలో పవన్ కుమార్ ‘లూసియా’కు వందమందికి పైగా సుమారు 50 లక్షలు ఇచ్చారు. ఇంకా వెనక్కి వెళ్తే, శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ 1976లో గుజరాత్ పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకోవడం వల్ల తయారైంది. ఈ మూడింటిలోనూ ఇచ్చినవాళ్ళ ఇంటికి పార్సిల్ పంపాల్సిన బాధ్యత లేదు. వస్తువు కానుకగా ఇచ్చే ప్రచారంలో ఉంటుంది. బడ్జెట్లు ఎక్కువగా తప్పేది కూడా అక్కడే. అందుకే ఇక్కడ సినిమా బదులు చెక్క చెంచా తీసుకుంటున్నాం.

నెల్లూరు జిల్లా పడమటి అంచున ఉదయగిరి, సీతారామపురం ప్రాంతం ఉంది. ఉదయగిరి దుర్గం కింద చేతితో చెక్కే చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలకు తరతరాల పేరుంది. నార్ది, బిక్కి, కల్ది వంటి కొండ కర్రలను చిన్న ముక్కలుగా కోసి, ఉలితో రూపు తెచ్చి, ఆకురాయితో, గరుకు కాగితంతో నునుపు చేస్తారు. పిడి మీద పూలూ లతలూ చెక్కుతారు. ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జిల్లా కేంద్రం దాదాపు వంద కిలోమీటర్ల దూరం. కొనేవాళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. చేసేవాళ్ళ దగ్గర పెట్టుబడి ఉండదు. క్రౌడ్‌ఫండింగ్ సరిపోయే పరిస్థితి ఇదే.

కింద వేసినది జరిగిన ప్రచారం కాదు, లెక్క అర్థం కావడానికి వేసుకున్న నమూనా. ధరలు కూడా ఊహించుకున్నవే. ఎవరి అంకెలు వాళ్ళు పెట్టుకుంటే లెక్క అదే దారిలో నడుస్తుంది.

చేతికి రావలసింది మూడు లక్షలు

పదిమంది పనివాళ్ళ బృందం ఒకటి కర్ర కోసే యంత్రం, నునుపు చేసే యంత్రం కొనుక్కోవాలనుకుంది. కర్ర ఆరబెట్టుకోవడానికి చిన్న షెడ్డు కూడా వేయాలి. అన్నీ కలిపి 3,00,000 రూపాయలు కావాలి. మొదటిసారి ప్రచారం చేసేవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కావలసింది మూడు లక్షలు కనుక లక్ష్యం మూడు లక్షలు అని రాసేస్తారు. వేదిక మీద కనిపించే లక్ష్యం మొత్తం వసూలు. చేతికి వచ్చేది అందులోంచి అన్ని కోతలూ పోగా మిగిలేది. కాబట్టి లెక్క చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి.

బృందం రెండు కానుకలు పెట్టింది. 500 రూపాయలు ఇచ్చినవాళ్ళకు రెండు చెంచాలు. 1,500 ఇచ్చినవాళ్ళకు ఆరు వస్తువుల సెట్టు. ఏమీ వద్దని ఇచ్చేవాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళెక్కువగా బంధువులు, ఊరివాళ్ళు, ఊరు వదిలి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు.

వేదిక రుసుము, చెల్లింపు ఛార్జీ

వేదిక తన పేజీ వాడుకున్నందుకు వసూలులో కొంత శాతం తీసుకుంటుంది. డబ్బు కార్డు నుంచో యూపీఐ నుంచో బ్యాంకు ఖాతాకు చేర్చినందుకు పేమెంట్ గేట్‌వే ఇంకొంత తీసుకుంటుంది. ఇవి రెండూ వేర్వేరు. చాలా వేదికల పేజీల్లో మొదటిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది నియమాల లోపల ఉంటుంది. 2009లో అమెరికాలో మొదలైన కిక్‌స్టార్టర్ 5 శాతం రుసుము తీసుకుంటుంది. దాని మీద చెల్లింపు ఛార్జీ 3 శాతం, ప్రతి చెల్లింపుకు మరో 20 సెంట్లు. ఈ 20 సెంట్లు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ 10 డాలర్లు ఇచ్చిన మనిషి దగ్గర కోత మొత్తం ఒక డాలరు, అంటే పదో వంతు. 100 డాలర్లు ఇచ్చిన మనిషి దగ్గర 8 డాలర్ల 20 సెంట్లే. చిన్న మొత్తాలు ఎక్కువ వస్తే సంతోషమే కానీ, వాటిలో మిగిలేది తక్కువ.

భారతదేశంలో ఉన్నవాళ్ళు కిక్‌స్టార్టర్లో డబ్బు ఇవ్వగలరు, ప్రచారం మాత్రం పెట్టలేరు. అది అనుమతించే దేశాల జాబితాలో మన దేశం లేదు. కాబట్టి ఉదయగిరి బృందానికి దేశీ వేదికో, సొంత పేజీకి కలుపుకున్న పేమెంట్ గేట్‌వేనో దిక్కు. దేశీ గేట్‌వేలు సాధారణంగా చెల్లింపు మీద 2 శాతం దాకా అడుగుతాయి. ఆ 2 శాతం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కనుక అసలు కోత 2.36 శాతం. వేదిక 5 శాతం అడిగితే దాని మీదా జీఎస్టీ పడి 5.9 శాతం అవుతుంది. రెండూ కలిపి 8.26 శాతం. నూరు రూపాయల్లో 91 రూపాయల 74 పైసలు మిగులుతాయి. విదేశీ కార్డు అయితే గేట్‌వే ఛార్జీ ఎక్కువ. డాలరును రూపాయిగా మార్చే దగ్గర బ్యాంకు మళ్ళీ కొంత తీసుకుంటుంది.

యూపీఐ విషయంలో ఒక మాట. వ్యాపారి మీద వేసే ఎండీఆర్ ఛార్జీని కేంద్రం 2020 జనవరి నుంచి యూపీఐకి తీసేసింది. అయినా గేట్‌వే తన సాఫ్ట్‌వేర్ సేవకు వేరే పేరుతో రుసుము అడగవచ్చు. అందుకే ఒప్పందంలో యూపీఐ వరుస ఎదురుగా ఏముందో విడిగా చూసుకోవాలి. ఇంకో రకం వేదికలు, ముఖ్యంగా వైద్య సహాయానికి విరాళాలు పోగుచేసేవి, రుసుము లేదంటాయి. బదులుగా డబ్బు కట్టే పేజీలో ఇచ్చేవాళ్ళను టిప్ అడుగుతాయి. అది ప్రచారకుడి లెక్కలో కనపడదు, ఇచ్చేవాళ్ళ జేబులోంచి పోతుంది. ఆ సంగతి ముందే చెప్పడం ప్రచారకుడి మర్యాద.

కానుక ఖర్చు

మొత్తం బడ్జెట్‌లో పెద్ద భాగం ఇదే, తక్కువగా అంచనా వేసేదీ ఇదే. చెంచా ధర అంటే కర్ర, కూలి అనుకుంటారు. నిజానికి ఒక కానుకలో మూడు ఖర్చులు కలిసి ఉంటాయి. రెండు చెంచాల కానుకకు వస్తువు, కూలి కలిపి 120 రూపాయలు, పెట్టె, కాగితం 25, పోస్టు 70 అనుకుందాం. మొత్తం 215. ఆరు వస్తువుల సెట్టుకు వరుసగా 380, 50, 110. మొత్తం 540.

ఇప్పుడు కోతలు పోగా మిగిలేది చూడండి. 500 రూపాయల్లో ఛార్జీలు పోయాక 458 రూపాయల 70 పైసలు. అందులో 215 తీసేస్తే 243 రూపాయల 70 పైసలు యంత్రానికి. 1,500లో అదే లెక్కన 836 రూపాయల 10 పైసలు. చిన్న కానుక ఇచ్చినవాళ్ళు ముగ్గురికి పైగా ఉంటేనే పెద్ద కానుక ఒక్కరితో సమానం. పైగా వాళ్ళకు పార్సిళ్ళు మూడు కట్టాలి, ఉత్తరాలు మూడు రాయాలి.

పోస్టు దగ్గర ఒక చిక్కు ఉంది. కొరియర్లు వస్తువును తూచి మాత్రమే ధర వేయవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే అంకెను కిలోలుగా లెక్కగడతాయి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఆరు చెంచాల సెట్టు అరకిలో కూడా ఉండకపోవచ్చు. కానీ పిడి విరగకుండా మెత్తలు పెట్టి 30, 20, 10 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే గుణకారం 6,000. అంటే 1.2 కిలోలకు కడుతున్నట్టే. పెట్టె కొలత మారితే పోస్టు ధర మారుతుంది. కాబట్టి ప్రచారం మొదలుపెట్టక ముందే ఒక్కో కానుకను నిజంగా కట్టి, కొరియర్ కౌంటర్లో ధర రాయించుకోవాలి. పార్సిలుకు 40 రూపాయలు తక్కువ అనుకుంటే ఐదువందల పార్సిళ్ళకు 20,000 రూపాయల తేడా వస్తుంది.

విదేశాలకు పంపితే చిక్కు ఇంకా పెద్దది. చెక్క వస్తువులను ఆస్ట్రేలియా వంటి దేశాల్లో జీవభద్రత అధికారులు పరీక్షిస్తారు. అమెరికాలో 800 డాలర్లలోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. ఆ సుంకం ఎవరు కట్టాలో కానుక వివరణలోనే రాయాలి. లేకపోతే పార్సిల్ తలుపు దాకా వెళ్ళి తిరిగి వస్తుంది, రెండువైపుల ఖర్చు బృందం మీద పడుతుంది. మొదటి ప్రచారంలో విదేశాలకు వస్తువు పంపకపోవడమే మంచిది. అక్కడి మనవాళ్ళు కానుకను ఇక్కడి బంధువుల చిరునామాకు పంపమని చెప్పగలరు.

చేతిపనిలో ఇంకో ఖర్చు ఉంటుంది. కర్ర సరిగా ఆరకముందే చెక్కితే తర్వాత బీటలు వారుతుంది. వానాకాలంలో కోసిన కర్రను తొందరపడి వాడితే చెంచా గుంట అంచున సన్నని గీత కనిపిస్తుంది, కొన్నాళ్ళకు అది పగులుగా మారుతుంది. కొన్ని వస్తువులు దారిలో విరుగుతాయి. కొన్ని చిరునామాలు తప్పుగా ఉంటాయి. ఇలాంటివాటికి కానుకల ఖర్చులో 5 శాతం పక్కన పెట్టుకోవడం ఈ నమూనాలోని ఏర్పాటు. కొత్త బృందం అయితే పది శాతం పెట్టుకున్నా ఎక్కువ కాదు.

ఆరు లక్షల పట్టిక

ఫోటోలు, వీడియో, నమూనా కానుకలు, ఆన్‌లైన్ ప్రకటనలకు 40,000 ఖర్చు. ఇది ప్రచారం గెలిచినా ఓడినా పోయే డబ్బు. లక్ష్యం 6,00,000 పెట్టి, పెద్ద కానుక 280 మంది, చిన్న కానుక 220 మంది తీసుకుంటారని, 70,000 ఉత్త సహాయంగా వస్తాయని అనుకుంటే ఇలా తేలుతుంది:

| వివరం | రూపాయలు |
|---|---|
| మొత్తం వసూలు | 6,00,000 |
| వేదిక, గేట్‌వే (8.26%) | 49,560 |
| కానుకలు, పోస్టుతో | 1,98,500 |
| విరిగినవాటికి, తిరిగి పంపడానికి | 9,925 |
| ప్రచార ఖర్చు | 40,000 |
| యంత్రాలకు మిగిలేది | 3,02,015 |

వసూలులో సగం మాత్రమే అసలు పనికి వచ్చింది. అందరూ భయపడే వేదిక రుసుము ఇందులో చిన్న భాగం. కానుకలు దానికి నాలుగింతలు. రుసుము ఒక శాతం తక్కువ ఉన్న వేదిక కోసం వారాలు వెతికేవాళ్ళు, పెట్టెను రెండు సెంటీమీటర్లు తగ్గించడానికి ఒక పూట కేటాయిస్తే ఎక్కువ మిగులుతుంది.

ఇప్పుడు అదే బృందం లక్ష్యం 3,00,000 అని రాసి, సరిగ్గా అంతే వసూలు చేసిందనుకోండి. జనం సగం, కానుకలు సగం. ఛార్జీలు 24,780, కానుకలు 99,250, పక్కన పెట్టేది దాదాపు 4,960. ప్రచార ఖర్చు మాత్రం తగ్గదు, అదే 40,000. మిగిలేది లక్షా 31 వేలు. పేజీ మీద ‘లక్ష్యం చేరింది’ అని ఉంటుంది, అందరూ అభినందిస్తారు, యంత్రం కొనడానికి డబ్బు ఉండదు. 250 మందికి కానుకలు మాత్రం బాకీ.

పన్ను ఈ పట్టికలో లేదు. టర్నోవర్ జీఎస్టీ నమోదు పరిమితికి లోపల ఉందనుకుని వేసిన లెక్క ఇది. నమోదై ఉంటే కానుక కూడా అమ్మకమే కనుక దాని మీద పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను దగ్గర తేదీ చూసుకోవాలి. ప్రచారం మార్చి చివర ముగిసి, కానుకల ఖర్చు ఏప్రిల్ తర్వాత పడితే, వచ్చిన డబ్బును ఏ సంవత్సరంలో చూపాలి, అడ్వాన్సుగా చూపవచ్చా అన్నది లెక్కలు చూసేవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. విదేశీ పౌరుల నుంచి ఉత్త విరాళం తీసుకుంటే విదేశీ విరాళాల చట్టం అడ్డొస్తుంది. వ్యాపారంలో భాగంగా వస్తువు ఇచ్చి ధర తీసుకోవడం ఆ చట్టం దృష్టిలో విరాళం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకీ, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకీ ఇక్కడ తేడా ఉంది.

లక్ష్యం చేరకపోతే

రెండు పద్ధతులు. మొదటిది ‘మొత్తం వస్తేనే’: గడువులోపు లక్ష్యం చేరకపోతే ఎవరి డబ్బు వారికి. కిక్‌స్టార్టర్ ఇలాంటిదే. అక్కడ గడువు ముగిసి లక్ష్యం చేరాకే కార్డు నుంచి డబ్బు తీస్తారు కనుక తిరిగి ఇచ్చే పనే ఉండదు. అలా తీసేటప్పుడు కొన్ని కార్డులు పనిచేయవు. సరిగ్గా నూరు శాతం దగ్గర ఆగిన ప్రచారానికి చేతికి అంతకంటే తక్కువ వస్తుంది. రెండోది ‘వచ్చినంత ఉంచుకో’: ఎంత వచ్చినా రుసుము పోగా ప్రచారకుడిదే. ఇండీగోగో దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది.

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు మామూలుగా ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ కావాలి. అందువల్ల డబ్బు సాధారణంగా ముందే కట్టించుకుని, లక్ష్యం చేరకపోతే వెనక్కి పంపుతారు. ఇందులో అడగాల్సిన ప్రశ్న ఒకటే. వెనక్కి పంపిన చెల్లింపుల మీద గేట్‌వే అప్పటికే తీసుకున్న ఛార్జీ ఎవరి నెత్తిన పడుతుంది? చాలా గేట్‌వేలు దాన్ని తిరిగి ఇవ్వవు. మన బృందానికి 6,00,000లో 4,20,000 దగ్గర ఆగిపోయిందనుకుందాం. ‘మొత్తం వస్తేనే’ పద్ధతిలో అందరికీ తిరిగి ఇచ్చేస్తారు. బృందం నష్టం 40,000 ప్రచార ఖర్చు, గేట్‌వే ఛార్జీ తన మీద పడితే మరో 9,912. బాధే, కానీ ఎవరికీ బాకీ లేదు.

అదే ‘వచ్చినంత ఉంచుకో’ అయితే ఛార్జీలు 34,692, కానుకలు 1,38,950, పక్కన పెట్టేది దాదాపు 6,950, ప్రచారం 40,000. మిగిలేది 1,99,410. యంత్రాలకు లక్ష తక్కువ. అయినా 350 మందికి కానుకలు పంపాలి. ఈ పద్ధతి ఎంచుకుంటే, తక్కువ వచ్చినప్పుడు ఏ చిన్న పని చేస్తామో ముందే పేజీలో రాయాలి. రెండు లక్షలు మిగిలితే నునుపు యంత్రం, షెడ్డు మాత్రమే, కోత యంత్రం తర్వాత అని. అలా విడదీయడానికి వీల్లేని పని అయితే ‘మొత్తం వస్తేనే’ ఒక్కటే న్యాయమైన పద్ధతి.

చివరి రోజుల్లో లోటు కొంచెమే ఉంటే సొంత డబ్బు వేసి లక్ష్యం దాటించాలనిపిస్తుంది. 30,000 వేస్తే అందులో 2,478 రూపాయలు ఛార్జీగా పోతాయి, తన సొమ్ము తనకే తక్కువై వస్తుంది. కిక్‌స్టార్టర్ నియమాలు ప్రచారకుడు తన ప్రాజెక్టుకు తానే డబ్బు వేసుకోవడాన్ని ఒప్పుకోవు. దానికంటే తగ్గించిన కానుకలతో, చిన్న పనితో మళ్ళీ మొదలుపెట్టడం మేలు. ఓడిన ప్రచారం వల్ల ఎవరెవరు ఎంత ఇచ్చారో, ఏ కానుక ఎక్కువమంది కోరుకున్నారో తెలుస్తుంది. రెండోసారి మొదటి రోజునే కబురు పెట్టడానికి మనుషులు ఉంటారు.

లక్ష్యం చేరకపోవడం, చేరడం రెండూ ఒకే ప్రాజెక్టులో కనిపించిన ఉదాహరణ అమెరికాలో ఉంది. ‘కూలెస్ట్ కూలర్’ అనే ఐస్ పెట్టె 2013లో కిక్‌స్టార్టర్లో 1,25,000 డాలర్ల లక్ష్యం పెట్టి చేరలేకపోయింది. వచ్చిన హామీలు లక్ష డాలర్లకు కాస్త పైన, చేతికి ఒక్క డాలరూ రాలేదు. 2014లో అదే వస్తువును మెరుగుపరిచి లక్ష్యాన్ని 50,000కు తగ్గించి మళ్ళీ పెడితే 62 వేలమందికి పైగా కలిసి 1 కోటి 32 లక్షల డాలర్లు దాటించారు. కానీ ఒక్కో పెట్టెను దాదాపు 185 డాలర్లకు మాట ఇచ్చారు, తయారీ, రవాణా ఆ ధరలో ఇమడలేదు. మిగతావాళ్ళకు పెట్టెలు చేయడానికి కావలసిన డబ్బు కోసం, ఎదురుచూస్తున్నవాళ్ళ కంటే ముందే బయటి మార్కెట్లో ఎక్కువ ధరకు అమ్మాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో సంస్థ మూతపడేనాటికి వేలమందికి పెట్టె అందనే లేదు. మొదటిసారి ఓడినప్పుడు నష్టపోయింది ప్రచారకుడు ఒక్కడే. రెండోసారి గెలిచినప్పుడు ప్రతి కొత్త మనిషీ లోటును పెంచుతూ వెళ్ళాడు.

ఉదయగిరి లెక్కలో కూడా దీన్ని పరీక్షించవచ్చు. పెద్ద సెట్టు ఖర్చు 540 కాకుండా 1,400 అయితే, కోతలు పోగా మిగిలే 1,376 రూపాయల్లోంచి ఒక్కో సెట్టుకు 24 రూపాయలు చేతి నుంచి పడతాయి. అప్పుడు వెయ్యిమంది వస్తే 24 వేల నష్టం. పనివాళ్ళ చేతులు కూడా పరిమితమే. చెక్కుడు పని ఉన్న సెట్లు నెలకు వంద మాత్రమే తయారైతే, 280 మందికి మూడు నెలలు, వెయ్యిమందికి పది నెలలు పడుతుంది. అందుకే కానుకల సంఖ్యకు పైహద్దు పెట్టే వీలు వేదికల్లో ఉంటుంది. ఈ బృందం పెద్ద సెట్టుకు 300 దగ్గర హద్దు పెట్టి, అది దాటాక వచ్చేవాళ్ళకు తర్వాతి విడత తేదీతో వేరే కానుక చూపించాలి.